పర్వాలేదు అంటే ఎన్ని మార్కులు?

పోయిన సంక్రాంతికి ముందు మా బాబాయ్ ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. చెన్నైలో గ్రీమ్స్ రోడ్డుకు దగ్గర్లో ఆయనకు 14 గదుల లాడ్జి ఉంది. దిగేవాళ్లలో ఎక్కువమంది నెల్లూరు, తిరుపతి, కడప వైపు నుంచి ఆస్పత్రి పని మీద వచ్చే మనవాళ్లు. ఉత్తరాది నుంచి వచ్చేవాళ్లూ కొందరుంటారు. గది ఖాళీ చేసేటప్పుడు అందరి చేతా ఒక ఫారం నింపిస్తారు. ఒక వైపు తెలుగు, రెండో వైపు ఇంగ్లీషు. "అమ్మాయ్, నువ్వు సర్వేలు చేసే ఆఫీసులో ఆరేళ్లు పనిచేశావు కదా, ఇవి చూసి ఇంకా ఏం బాగుచేసుకోవాలో చెప్పు" అన్నాడు.

మొత్తం 41 ఫారాలు. 36 ఫారాల్లో అన్ని ప్రశ్నలకూ ఐదుకు ఐదే. మిగిలిన వాటిలో అక్కడక్కడా ఒక నాలుగో మూడో, ఒక్క ఫారంలో మాత్రం అన్నిటికీ 1. బాబాయ్ మొహంలో సంతోషం చూసి వెంటనే ఏమీ అనలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్దాయన పినాకిని ఎక్స్‌ప్రెస్ అందుకోవాలన్న హడావిడిలో కౌంటర్ దగ్గర నిలబడి ఫారం నింపారు. వరసగా అన్నిటికీ 5 చుట్టేశారు. సామాన్లు ఆటోలో పెట్టడానికి సాయం వెళ్తే నాతో మెల్లగా అన్నారు: "అంతా బాగుందమ్మా, ఒక్క వేడినీళ్లే. ఆపరేషన్ రోజు పొద్దున మా ఆవిడకి చన్నీళ్లే పోశాను." ఫారంలో వేడినీళ్ల గురించి ప్రశ్న లేకపోలేదు. "గదిలోని సౌకర్యాలు మీకు ఎంత నచ్చాయి?" అన్న ప్రశ్నలో టీవీ, ఫ్యాను, గీజరు, మంచం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. దానికి ఆయన 5 ఇచ్చారు.

ఆయన అబద్ధం రాశారని నేను అనుకోను. ఫారం పొగడ్త అడిగింది, పెద్దమనిషి కాబట్టి పొగిడారు. అసలు సంగతి అడిగే ప్రశ్న ఆ కాగితం మీద ఎక్కడా లేదు. తరవాత మూడు నెలలు ఆ ఫారంతోనే కూర్చున్నాను. రెండు భాషల ఫారం అంటే ఇంగ్లీషులో రాసి తెలుగులోకి దింపేది కాదని, జవాబుల కొలబద్ద మీద రాసే మాటల దగ్గరే ఇలాంటి ఫారాలు చెడిపోతున్నాయని నాకు గట్టిగా అనిపించింది. అదే ఇక్కడ చెప్పాలని.

ఎంత, ఎలా, కదా

పాత ఫారాన్ని బాబాయ్ కొడుకు ఇంగ్లీషులో ఎక్కడో చూసి, తెలుగు చేసి, డీటీపీ షాపులో కొట్టించాడు. ఇంగ్లీషు వైపు గది ఎంత శుభ్రంగా ఉందని మామూలుగా అడిగే ప్రశ్న ఉంది. అది తెలుగులో "మా గదులు ఎంత శుభ్రంగా ఉన్నాయి?" అయింది. ఒకసారి పైకి చదివి చూడండి. మన భాషలో "ఎంత శుభ్రంగా ఉన్నాయి!" అనేది మెచ్చుకోలు. ప్రశ్న గుర్తు పెట్టినా చెవికి అదే వినిపిస్తుంది. "గది ఎలా ఉంది?" అంటే మంచికీ చెడుకూ దారి సమానంగా తెరుచుకుంటుంది. ఇంగ్లీషులో అంతగా తెలియని మొగ్గు, తెలుగులోకి వచ్చేసరికి తక్కెడలో ఒక పక్క వేలు పెట్టినట్టయింది.

ఇంకా పెద్ద తప్పు ఏడో ప్రశ్నలో దొరికింది: "బసలో మీకు ఇబ్బంది ఏమీ కలగలేదు కదా? అవును / కాదు." మర్యాదగా అడిగామనే వాళ్ల ఉద్దేశం. "కదా" ఉన్నాక జవాబు మనమే చెప్పేసినట్టు. అది అలా ఉంచితే, ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులు అసలు ఎవరికీ అర్థం కావు. "భోంచేయలేదా?" అని అడిగితే, తినకపోతే మనం "అవును, తినలేదు" అంటాం. అడిగిన మాట నిజమైతే అవును అనడం మన పద్ధతి. ఇంగ్లీషులో తిననివాడు "నో" అంటాడు. అంటే ఏ ఇబ్బందీ లేని ఇద్దరు అతిథుల్లో తెలుగు వైపు నింపినాయన "అవును" గీస్తాడు, ఇంగ్లీషు వైపు నింపినాయన "నో" గీస్తాడు. వీటిని ఎక్సెల్‌లో ఒకే వరసలో ఎక్కిస్తే ఒకరికి ఇబ్బంది ఉన్నట్టు, ఒకరికి లేనట్టు లెక్క తేలుతుంది. పోనీ తెలుగు వాటినైనా విడిగా లెక్కపెడదామంటే, కొందరు ఇంగ్లీషు అలవాటు కొద్దీ "కాదు" గీశారు. వాళ్లకు ఇబ్బంది కలిగిందో లేదో వాళ్లను మళ్లీ అడిగితే తప్ప తెలియదు. ఆ ప్రశ్నకు వచ్చిన 41 జవాబులూ పక్కన పెట్టేశాం.

పర్వాలేదు

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది కొలబద్ద దగ్గర. ఇంగ్లీషు వైపు ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని 5 నుంచి 1 వరకు ఐదు మెట్లున్నాయి. ఇదే ఒక పక్కకు ఒరిగిన కొలబద్ద: మూడు మెట్లు మంచి వైపే, నడిమి మెట్టు కూడా "బాగుంది" అనే. తెలుగు వైపు అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు అని వేశారు. ఫెయిర్ అంటే ఇంగ్లీషులో కొంచెం తక్కువ రకమనే చెప్పడం. దాని చోట కూర్చున్న మన పర్వాలేదు ఏం చెబుతుంది?

ఆపరేషన్ అయి లేచిన మనిషిని పలకరిస్తే "ఇప్పుడు పర్వాలేదు" అంటాడు. కోలుకున్నాడని సంతోషిస్తాం. కొత్త హోటల్లో పెసరట్టు ఎలా ఉందంటే "పర్వాలేదు" అంటాడు స్నేహితుడు. మళ్లీ అటు వెళ్లం. కాలు తొక్కినవాణ్ని "పర్వాలేదండీ" అని క్షమిస్తాం. గొంతు వింటే ఏ పర్వాలేదో తెలుస్తుంది. కాగితం మీద గొంతు ఉండదు.

ఊహించి కూర్చోవడం ఎందుకని ఒక చిన్న పని చేశాను. పొడుగాటి కాగితం మీద ఒక గీత గీసి, ఎడమ కొసన "అస్సలు బాగాలేదు" అని, కుడి కొసన "ఇంతకంటే బాగుండదు" అని రాశాను. చీటీల మీద ఒక్కో మాట రాసి, సాయంత్రం కింద హాల్లో కూర్చున్నవాళ్లకు ఒక్కొక్కరికే ఇచ్చాను. ఈ మాట ఈ గీత మీద ఎక్కడ పెడతారని అడిగాను. 11 మంది పెట్టారు. "చాలా బాగుంది" దాదాపు అందరి దగ్గరా ఒకే చోట పడింది. "బాగాలేదు" కూడా అంతే. "అంతంతమాత్రం" 11 మందికీ సగం కంటే కిందే, దగ్గర దగ్గరగా పడింది. పర్వాలేదు మాత్రం గీత పొడుగునా చెదిరిపోయింది. ఒక టీచరుగారు సగానికి కింద పెట్టారు. ఆమె పక్కనే ఉన్న వాళ్ల అన్నయ్య "బాగుంది"కి ఆనుకుని పెట్టాడు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరు. కొలబద్ద మీద ఒక మాట ఉంచాలంటే అది ఎక్కువమందికి ఒకే చోట పడాలి. ఇలా చెదిరే మాట ఎంత వాడుకలో ఉన్నా మెట్టుగా పనికిరాదు.

తెలుగు చేసినదాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చి చూస్తే తప్పులు దొరుకుతాయి కదా అని ఒక స్నేహితురాలు అంది. తిరుగు అనువాదం పాత పద్ధతే. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ అనే పరిశోధకుడు దాని మీద రాసినప్పటినుంచి చాలామంది వాడుతున్నారు. పచ్చి తప్పులను అది పట్టిస్తుంది. పూర్ అన్నదాన్ని ఎవరైనా "పేద" అని రాస్తే వెంటనే బయటపడుతుంది. కానీ పర్వాలేదును ఇంగ్లీషులోకి మార్చమంటే ఎవరైనా ఫెయిర్ అనో ఓకే అనో రాస్తారు, పరీక్ష పాసైపోతుంది. గీత మీద చెదిరిన సంగతి అందులో కనిపించదు. అందుకే యూరప్ దేశాల్లో అనేక భాషల్లో జరిగే యూరోపియన్ సోషల్ సర్వేలో ఇద్దరు విడివిడిగా అనువదించి, కలిసి కూర్చుని వాదించుకుని, తరవాత జనం మీద పరీక్షించే పద్ధతి పెట్టుకున్నారు. మేము ఇంట్లో చేసింది కూడా చిన్నపాటి అదే పని. నేను తెలుగు చెప్తుంటే, కోల్‌కతాలో పెరిగి ఇక్కడ పనిచేసే మా పక్కింటామె ఇంగ్లీషు చెప్పేది. ఏ మాటకైనా రెండో వైపు సరైన జోడీ దొరకకపోతే రెండు వైపులా మార్చేసేవాళ్లం. ఇంగ్లీషు ప్రశ్నను కూడా కదిలించవచ్చని ఒప్పుకున్నాక పని సులువైంది.

"ఈ మాటల గొడవంతా ఎందుకు, ఒకటి నుంచి ఐదు అంకెలు మాత్రం ఉంచెయ్" అన్నాడు బాబాయ్. పాత కట్టలోంచి ఒక ఫారం తీసి చూపించాను. ఆమె అన్నిటికీ 1 చుట్టి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో "చాలా బాగా చూసుకున్నారు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అని రాసింది. ఆమెకు 1 అంటే ఫస్టు ర్యాంకు. అంకెకు తనంతట తానుగా అర్థం ఉండదు. 1991లో నార్బర్ట్ ష్వార్జ్ అనే మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి, జర్మనీలో చేసిన ఒక పరిశోధనను అచ్చువేశాడు. జీవితంలో మీరు ఎంతవరకు విజయం సాధించారని జనాన్ని అడిగారు. కొందరికి 0 నుంచి 10 వరకు ఉన్న కొలబద్ద ఇచ్చారు, కొందరికి మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు ఉన్నది. మెట్లు రెండిటిలోనూ 11. కొసల్లో రాసిన మాటలూ ఒకటే. మొదటి దాంట్లో 34 శాతం మంది కింది సగం ఎంచుకుంటే, రెండో దాంట్లో 13 శాతమే. సున్నా అంటే విజయమేమీ లేకపోవడం, మైనస్ అంటే ఓటమి అని జనం చదువుకున్నారు. ప్రశ్న అదే అయినా అంకెల వల్ల దాని అర్థం మారిపోయింది.

జరిగింది అడగడం

చివరికి మేము చేసిందేమిటంటే, వీలైన ప్రతిచోటా మెచ్చుకునే మెట్లు తీసేసి జరిగిన సంగతిని మెట్లుగా పెట్టాం. వేడినీళ్ల ప్రశ్న ఇలా మారింది: "ఈరోజు ఉదయం స్నానానికి వేడినీళ్లు ఎలా వచ్చాయి?" కింద ఐదు గడులు: తిప్పగానే వచ్చాయి, కాసేపు వదిలితే వచ్చాయి, చాలాసేపు వదిలితే వచ్చాయి, రాలేదు, ఈరోజు వాడలేదు. ఇందులో ఎవరినీ నొప్పించే మాట లేదు. "రాలేదు" అని గీయడం బాబాయ్‌ని తిట్టడం కాదు, ఉన్నమాట చెప్పడం. ఇంగ్లీషులోకి కూడా నలగకుండా వెళ్లింది. "మీరు ఉన్నన్ని రోజులూ" అని అడగలేదు. పది రోజులున్న మనిషి అన్ని రోజులనూ కలిపి ఏదో ఒకటి ఊహించి రాస్తాడు. ఈరోజు పొద్దున సంగతైతే గుర్తుంటుంది.

"వాడలేదు" గడి గురించి ఒక్క మాట. పాత ఫారంలో అది లేదు. క్యాంటీన్ గడప తొక్కనివాళ్లు భోజనం ప్రశ్నకు మర్యాద కొద్దీ నడిమి మెట్టు గీసేవాళ్లు.

గది నంబరు రాయమంటే ఎవరు రాశారో తెలిసిపోతుంది కాబట్టి అంతస్తు మాత్రం అడిగాం. నెల రోజుల్లో 29 ఫారాలు వచ్చాయి. పై రెండు అంతస్తుల నుంచి వచ్చిన 20 ఫారాల్లో ఒక్కరే "చాలాసేపు" గీశారు. కింది అంతస్తు నుంచి వచ్చిన 9 ఫారాల్లో ఐదుగురు "చాలాసేపు" గీశారు, ఇద్దరు "రాలేదు" అన్నారు. మేడ మీద సోలార్ ట్యాంకు ఉంది. అక్కడినుంచి కిందికి దిగే పైపులో రాత్రంతా నిలవున్న చన్నీళ్లు పోయాక గానీ వేడివి రావు. ఒక తెల్లవారుజామున బాబాయ్ స్వయంగా కింది గదిలో కుళాయి తిప్పి బకెట్లతో కొలిచాడు. రెండు బకెట్లు నిండి, మూడోది సగమయ్యాక వేడి తగిలింది. ఆపరేషన్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు అన్ని నీళ్లు పారబోస్తూ నిలబడరు, రావనుకుని చన్నీళ్లు పోసుకుంటారు. కింది గదులకు విడిగా చిన్న గీజర్లు పెట్టించాడు. పాత ఫారంలో ఇదే సంగతికి ఐదుకు ఐదు వచ్చింది.

కారం సగటు

భోజనం ప్రశ్నలో మేమూ ఒక తప్పు చేశాం. క్యాంటీన్‌లో కూరల కారం గురించి "బాగా తక్కువ, కొంచెం తక్కువ, సరిపోయింది, కొంచెం ఎక్కువ, బాగా ఎక్కువ" అని పెట్టాం. ప్రశ్న మంచిదే, రెండు వైపులా సమానంగా ఉంది. తప్పు లెక్కలో జరిగింది. బాబాయ్ కొడుకు అలవాటుగా 1 నుంచి 5 మార్కులు వేసి సగటు తీశాడు. 3.0 వచ్చింది. "చూశావా అక్కా, కారం సరిగ్గా సరిపోయింది" అన్నాడు.

ఫారాలు పరిచి చూస్తే "సరిపోయింది" అన్నవాళ్లు 24 మందిలో ఆరుగురే. తొమ్మిది మంది తక్కువ వైపు, తొమ్మిది మంది ఎక్కువ వైపు. కడప వైపువాళ్లకు ఇక్కడి సాంబారూ కూరా చప్పగా ఉన్నాయి. పథ్యం తింటున్న రోగులకు అవే మండిపోతున్నాయి. ఒకరిని ఒకరు కొట్టేసుకుని సగటు నడిమిలో కూర్చుంది. మంచి జవాబు మధ్యలో ఉండే కొలబద్దకు సగటు తీయకూడదు, ఒక్కో గడిలో ఎంతమంది ఉన్నారో విడిగా లెక్కపెట్టాలి. అసలు ఇరవై ముప్పై ఫారాలకు శాతాలూ దశాంశాలూ కూడా వద్దన్నాను. "24 మందిలో 18 మందికి కారం కుదరలేదు" అంటే వంటమనిషికి కూడా అర్థమవుతుంది. ఇప్పుడు కూర చప్పగా వండి, టేబుల్ మీద కారప్పొడీ ఊరగాయా పెడుతున్నారు.

అడ్వాన్సు బాబాయ్ చేతిలో ఉండగా

ఎంత మంచి ప్రశ్న రాసినా దాన్ని ఎవరు, ఎప్పుడు ఇస్తున్నారన్నది చూడకపోతే ఆ పనంతా వృథా. పాత పద్ధతిలో గది ఖాళీ చేసేటప్పుడు, అడ్వాన్సు తిరిగి ఇవ్వబోతూ, మేనేజరే ఫారం చేతికిచ్చి ఎదురుగా కూర్చునేవాడు. 2,000 రూపాయలు ఆయన సొరుగులో ఉండగా సిబ్బంది మీద ఎవరు ఏం రాస్తారు? ఇప్పుడు రెండో రోజు సాయంత్రం గదిలో మంచినీళ్ల సీసాతో పాటు పెడుతున్నారు. తాళం వేసిన డబ్బా మెట్ల దగ్గర, కౌంటర్‌కు కనిపించని చోట ఉంది. ఫారాలు తగ్గాయి, అది నిజం. నింపనివాళ్ల మనసులో ఏముందో మాకు తెలియదు. కోపంగా ఉన్నవాళ్లే ఎక్కువ నింపుతున్నారేమో అన్న అనుమానం కూడా నాకుంది. అందుకే పాత నెలతో కొత్త నెలను పోల్చి "దిగజారాం" అనుకోవద్దని బాబాయ్‌కి పదే పదే చెప్పాను.

నా సందేహాలు

బాబాయ్ అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. "ఇది ఆస్పత్రి రిపోర్టులా ఉంది. మనింటికొచ్చిన మనిషిని ఇలా అడుగుతామా? 'మీకు నచ్చిందా అండీ' అని ఆప్యాయంగా అడగాలి గానీ." నిజమే, మన మర్యాదలో ఆ ఆప్యాయత ఉంది. నేను దాన్ని కాగితం పైన రెండు వాక్యాల్లో ఉంచాను, ప్రశ్నల్లోకి మాత్రం రానివ్వలేదు. ఆ రెండు వాక్యాలు కూడా జవాబును ఒక పక్కకు నెడుతున్నాయేమోనని ఇప్పటికీ అనుమానమే.

ఇంకొకటి, సిబ్బంది మర్యాద లాంటివి జరిగిన సంగతిగా అడగడం కష్టం. "పిలిచాక ఎంతసేపటికి వచ్చారు?" అని అడగొచ్చు. విసుక్కుంటూ వచ్చారో నవ్వుతూ వచ్చారో అందులో రాదు. దానికి ఒక ఖాళీ గీత వదిలి, "ఒక్కటి మార్చమంటే ఏది మార్చమంటారు?" అని అడిగాం. చాలామంది ఖాళీగా వదిలేస్తున్నారు. రాసినవాళ్ల మాటలు మాత్రం బంగారం.

ఆస్పత్రిలో పని బాగా జరిగినవాళ్లు మనసు నిండి అన్నిటికీ మంచే రాస్తారు, జరగనివాళ్లకు గోడలు కూడా నచ్చవు. నీళ్లు తిప్పగానే వచ్చాయా లేదా అన్నదాని మీద ఆ మనఃస్థితి ప్రభావం తక్కువ. అసలు ఉండదని మాత్రం నేను చెప్పలేను.

ఇప్పుడు చదవలేనివాళ్ల కోసం, లాడ్జి మనిషి కాకుండా బయటివాళ్లెవరైనా పైకి చదివి అడిగేలా ఒక రకం తయారు చేస్తున్నాం. వినేటప్పుడు ఐదు మెట్లు గుర్తుండవు, చివర విన్నదే నోటికొస్తుంది. అందుకని రెండు అడుగుల్లో అడుగుతున్నాం. ముందు "మీకు రాత్రి నిద్రకు ఇబ్బంది అయిందా, కాలేదా?" అని, అయిందంటే "కొంచెమా, బాగానా?" అని. పోయిన ఆదివారం ఉదయగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకామెను అడిగాను. "మీకు" అని మొదలుపెట్టగానే ఆపేసింది. "ఎవరికమ్మా? నాకా, మా ఆయనకా? నేను కింద చాప మీద పడుకున్నా, నాకేం కాలేదు. ఆయన మంచం ఎత్తు. రాత్రి మూడుసార్లు దిగడానికి అల్లాడిపోయాడు."

ఇన్ని నెలలుగా ఫారంలోని ప్రతి "మీకు" ఒక్క మనిషినో ఇంటిల్లిపాదినో తేల్చకుండానే అచ్చయింది. ఇంగ్లీషు వైపూ అదే పరిస్థితి. మంచం, బాత్రూమ్, మెట్లు, ఈ మూడు ప్రశ్నలకు ఇప్పుడు రెండేసి వరసలు వేస్తున్నాం: పేషెంటుకు, తోడున్నవాళ్లకు. డీటీపీ షాపుకు మళ్లీ వెళ్లాలి.